పడుకుంటే 122, నిలబడితే 88: ఒక కూతురి ఉత్తరంతో తేలిన కేసు

పేషెంటు వయసు 67 ఏళ్లు, ఊరు తెనాలి. 14 ఏళ్లుగా బీపీ, 11 ఏళ్లుగా షుగర్. ఆరు వారాలుగా కళ్ళు తిరుగుతున్నాయని రెండు చోట్ల చూపించుకున్నారు. రెండు చోట్లా కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూశారు, 136/78 వచ్చింది, బాగుందన్నారు. మెడ లాగుతోందంటే ఎక్స్‌రే తీసి ఎముక అరిగిందన్నారు. తల తిరుగుడు మాత్రలు రాశారు. తగ్గలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు వారం రోజులు దగ్గరుండి చూసి, మొదటి నుంచీ తల్లికి వైద్యం చేస్తున్న డాక్టరుకి ఉత్తరం రాసింది.

ఇది ఏ ఒక్కరి ఫైలూ కాదు. ఇలాంటి పేషెంట్లలో పదే పదే ఎదురయ్యే వివరాలను కలిపి ఒక కేసుగా రాశాం. ముందు ఉత్తరం.

ఉత్తరం

డాక్టర్ గారికి నమస్కారం.

అమ్మ బీపీ, షుగర్ ఫైలు మీ దగ్గరే ఉంది. తనకు చెప్పే మీకు రాస్తున్నాను.

ఆరు వారాలుగా అమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి. గది గిర్రున తిరిగినట్టు ఉండదట. లేచి నాలుగడుగులు వేసేసరికి కళ్ళ ముందు చీకటి కమ్ముతుంది, కాళ్ళలో సత్తువ పోతుంది, మెడ వెనక, భుజాల దగ్గర బరువుగా లాగుతుంది. కూర్చుంటే ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. మంచం మీద ఇటు అటు ఒత్తిగిల్లినప్పుడు రాదు. ఎక్కువగా ఉదయం తొమ్మిదిన్నరకు, పదకొండుకు మధ్య వస్తోంది. టిఫిన్ తిని కాసేపు కూర్చుని వంటింట్లోకి లేచినప్పుడే. గురువారం సింకు పట్టుకుని నిలదొక్కుకుంది.

ఇంతవరకు పడలేదు, స్పృహ తప్పలేదు. గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ బలహీనపడటం ఏవీ లేవు. విరేచనం నల్లగా రావడం లేదు.

ఇప్పుడు వేసుకుంటున్న మాత్రలన్నీ స్ట్రిప్పు వెనక చూసి రాస్తున్నాను. ఉదయం టిఫిన్‌కి ముందు మెట్‌ఫార్మిన్ 500, గ్లిమిపిరైడ్ 1 కలిసిన మాత్ర. టిఫిన్ అయ్యాక ఎనిమిదింటికి రెండు బీపీ మాత్రలు: ఒక స్ట్రిప్పు మీద టెల్మిసార్టాన్ 40 అని ఉంది, ఇంకోదాని మీద టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 అని ఉంది. రెండోది నాలుగు నెలల కిందట ఒక హెల్త్ క్యాంపులో బీపీ 168/92 ఉందని రాశారు. రాత్రి ఆమ్లోడిపిన్ 5. అరికాళ్ళ మంటకని ఎనిమిది వారాలుగా రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10. నెల రోజులుగా తల తిరుగుడుకి బీటాహిస్టిన్ 16, రోజుకి మూడు. ఇవి కాక నాటు మందులు, పసరు మందులు ఏమీ లేవు.

రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తోందని సాయంత్రం నాలుగు దాటితే నీళ్ళు దాదాపు మానేస్తోంది.

రీడింగులు జత చేశాను. ప్రతిసారీ అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాలకు ఒకసారి చూశాను. సోమ, మంగళవారాల్లో నిలబడి చూసినప్పుడు అమ్మ చెయ్యి కిందికి వేలాడుతూ ఉంది. బుధవారం నుంచి మోచెయ్యి ఎత్తి, ఛాతీ ఎత్తులో ఉన్న అలమర అరమీద ఆనించాం. ఆ రెండు రోజుల అంకెలు దిద్దకుండా అలాగే ఉంచాను.

మందులేవీ నేను మార్చలేదు. ఏం చెయ్యమంటారో చెప్పగలరు.

ఇట్లు,
మీ పేషెంటు గారి అమ్మాయి

జత చేసిన రీడింగులు

| రోజు | ఉ. 6, పడుకుని | ఉ. 6, నిలబడి | ఉ. 10, పడుకుని | ఉ. 10, నిలబడి | గమనిక |
|---|---|---|---|---|---|
| సోమ | 150/80 | 132/74 | 128/70 | 110/66 | చెయ్యి వేలాడుతూ ఉంది |
| మంగళ | 148/78 | 131/72 | 126/70 | 108/64 | చెయ్యి వేలాడుతూ ఉంది. పదిన్నరకు కళ్ళు తిరిగాయి |
| బుధ | 152/82 | 120/70 | 126/68 | 94/58 | 10 గంటలకు నాడి పడుకుని 74, నిలబడి 79 |
| గురు | 146/78 | 116/68 | 122/66 | 88/56 | సింకు పట్టుకుంది. షుగర్ 131 |
| శుక్ర | 150/80 | 120/70 | 124/68 | 92/58 | తల తేలికగా అనిపించింది |
| శని | 154/84 | 122/72 | 146/78 | 120/70 | ఉపవాసం. భోజనం, మాత్రలు 12 గంటలకు. 10కి ఏమీ లేదు, 2 గంటలకు కళ్ళు తిరిగాయి, అప్పుడు 124/66, నిలబడి 90/56 |
| ఆది | 148/80 | 114/66 | 120/66 | 86/54 | కళ్ళు తిరిగాయి. షుగర్ 124 |

ఉత్తరం చదివిన తీరు

ముందుగా చూడాల్సింది ప్రమాద సూచనలు. కూర్చుని ఉండగానో, మెట్లెక్కుతూ ఉండగానో స్పృహ తప్పితే గుండె లయ మీద అనుమానం రావాలి. మాట తడబడితే, ఒక పక్క పట్టు తప్పితే పక్షవాతం. నల్లటి విరేచనం ఉంటే కడుపులో రక్తం పోతోందేమో చూడాలి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఉత్తరం రాసే పని లేదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవేవీ లేవని కూతురు ఒక్కొక్కటిగా రాయడం వల్ల ఆ సాయంత్రం ఫోనులో మాట్లాడి, మర్నాడు రమ్మనే వెసులుబాటు దొరికింది.

గది తిరగడం లేదు, ఒత్తిగిల్లితే రావడం లేదు కాబట్టి చెవి లోపలి సమస్య అయ్యే అవకాశం బాగా తక్కువ. నిలబడితే వచ్చి, కూర్చుంటే పోయే చీకటి మెదడుకి రక్తం చాలకపోవడాన్ని సూచిస్తుంది. మెడ, భుజాల లాగుడు కూడా అందులో భాగమే. నిటారుగా ఉన్నప్పుడు ఆ కండరాలకు రక్తం తగ్గి నొప్పి పుడుతుంది, పడుకుంటే పోతుంది. 67 ఏళ్ల మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడం మామూలే. నొప్పికి కారణం అదే అయితే, నిలబడగానే మొదలై కూర్చున్న ఒకటి రెండు నిమిషాల్లో పోయే అవకాశం తక్కువ. కళ్ళు తిరిగిన రోజుల్లో షుగర్ 131, 124. గ్లిమిపిరైడ్ వాడేవారిలో 70 కంటే తక్కువకు పడిపోవడం ఎప్పుడూ అనుమానించాల్సిందే, ఇక్కడ మాత్రం అది కారణం కాదు.

ఇక బీపీ. పడుకున్నప్పటి బీపీతో పోలిస్తే, నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడితే, దాన్ని నిలబడినప్పుడు పడిపోయే బీపీగా లెక్కిస్తాం. సోమవారం ఉదయం 150 నుంచి 132కి, అంటే 18 పడింది. మంగళవారం 17. ఈ రెండు రోజుల అంకెలే ఉంటే హద్దు దాటలేదని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. బుధవారం 32. మనిషి అదే, మాత్రలు అవే. మారింది చెయ్యి ఎత్తు. పట్టీ గుండె మట్టానికి కిందుగా ఉంటే, ఆ మధ్య ఎత్తులో ఉన్న రక్తం బరువు కూడా అంకెలో కలుస్తుంది. పది సెంటీమీటర్లు దిగితే దాదాపు 7 లేదా 8 ఎక్కువ చూపిస్తుంది. పడుకున్నప్పుడు చెయ్యి గుండె మట్టంలోనే ఉంటుంది కనుక ఆ రీడింగు సరిగా వస్తుంది, నిలబడిన రీడింగు మాత్రమే పెరుగుతుంది, మధ్య తేడా కుంచించుకుపోతుంది. ఇంట్లో చేసే ఈ పరీక్ష చాలాసార్లు చెడేది ఇక్కడే. మంగళవారం 108 వచ్చినప్పటికీ కళ్ళు తిరిగాయంటే, అసలు బీపీ అంతకంటే కిందుందని అప్పుడే అనుమానించవచ్చు. ఆ రెండు రోజుల అంకెల్ని కొట్టేయకుండా కారణంతో సహా పంపడం ఈ ఉత్తరంలో మెచ్చుకోవాల్సిన పని.

ఇంకో పొరపాటు ఈమె చేయలేదు గానీ చాలామంది చేస్తారు. కళ్ళు తిరగ్గానే మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెషిన్ వెతికి పట్టీ కట్టేసరికి మూడు నాలుగు నిమిషాలు గడుస్తాయి. అప్పటికి బీపీ మామూలుకి వచ్చేస్తుంది, 124/70 చూసి బీపీ కాదని తేల్చేస్తారు. ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చూసిన 136/78 కూడా ఇలాంటిదే. ఆ అంకె తప్పు కాదు, కానీ అది ఈ ప్రశ్నకు జవాబు కాదు.

బుధవారం నుంచి ఉన్న వరసలను జాగ్రత్తగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఉదయం ఆరింటికీ 30 లేదా అంతకు మించి పడుతోంది, ఉపవాసం ఉన్న శనివారం తప్ప పదింటికీ అంతే పడుతోంది. మరి ఆరింటికి ఎందుకు కళ్ళు తిరగడం లేదు? ఆరింటికి 150 దగ్గర మొదలై 120 దగ్గర ఆగుతోంది. పదింటికి 122 దగ్గర మొదలై 88కి చేరుతోంది. పడే లోతు ఒకటే, దిగే మెట్టు వేరు. ఈమెకు 90 దగ్గరకు దిగితే కళ్ళ ముందు చీకటి కమ్ముతోంది. అందువల్ల రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: అన్ని వేళలా 30 ఎందుకు పడుతోంది, పదింటికి మొదలే ఎందుకు కిందుంది.

రెండో ప్రశ్నకు శనివారం దారి చూపింది. ఉపవాసం వల్ల భోజనం, మాత్రలు మధ్యాహ్నానికి జరిగాయి, కళ్ళు తిరగడం కూడా రెండింటికి జరిగింది. అంటే ఇది గడియారాన్ని బట్టి వచ్చేది కాదు. ఇక్కడ తొందరపడి మాత్రల మీద తోసేయకూడదు, ఎందుకంటే తిండి కూడా అదే సమయానికి జరిగింది. భోజనం తర్వాత రక్తం పేగుల వైపు ఎక్కువగా వెళ్ళి, పెద్ద వయసువారిలో, షుగరున్నవారిలో రెండు గంటల్లోపు బీపీ దిగడం తెలిసిన విషయమే. రెండింటినీ విడదీయాలంటే ఒకటి మార్చి రెండోది అలాగే ఉంచి చూడాలి.

ఒకటి మార్చడానికి కారణం ఉత్తరంలోనే ఉంది. రెండు బీపీ స్ట్రిప్పుల మీదా టెల్మిసార్టాన్ 40 ఉంది. క్యాంపులో రాసిన మాత్ర పాత మాత్రకు బదులుగా వేసుకోవాల్సింది. పాత స్ట్రిప్పు ఇంట్లో ఉంది కాబట్టి అదీ నడిచింది. కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు, అందుకే తల్లికి అవి రెండు వేరువేరు మందులు. నాలుగు నెలలుగా రోజుకి 80 మిల్లీగ్రాముల టెల్మిసార్టాన్, దాని మీద మూత్రం ఎక్కువ చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, సాయంత్రం నుంచి నీళ్ళు మానడం, ఇవన్నీ మే నెల ఎండల్లో. కూతురు కంపెనీ పేరు మాత్రమే రాసి ఉంటే ఇది మాకూ వెంటనే తట్టేది కాదు.

మొదటి ప్రశ్నకు, అంటే అన్ని వేళలా పడటానికి, రెండు అనుమానాలు. అమిట్రిప్టిలిన్ మొదలై ఎనిమిది వారాలు, కళ్ళు తిరగడం మొదలై ఆరు వారాలు. ఈ మందు నిలబడగానే రక్తనాళాలు బిగుసుకోవడాన్ని అడ్డుకుంటుంది; పది మిల్లీగ్రాములు చిన్న మోతాదే అయినా పెద్దవారిలో అది చాలు. రెండోది నాడి. నిలబడ్డాక పై అంకె 32 పడితే నాడి 5 మాత్రమే పెరిగింది. ఒంట్లో నీరు తగ్గడం ఒక్కటే కారణమైతే గుండె ఇంకా బాగా వేగం పెంచుకునేది. నాడి పెరుగుదలను బీపీ తగ్గుదలతో భాగిస్తే 0.16 వస్తోంది. 0.5 కంటే తక్కువ వస్తే నరాల వ్యవస్థ సరిగా స్పందించడం లేదని అనుమానించాలి. 11 ఏళ్ల షుగర్, అరికాళ్ళ మంట దానికి సరిపోతాయి. గుండె వేగం తగ్గించే అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి వాడేవారిలో ఈ లెక్క పనికిరాదు. మందుల పట్టికలో అవి లేవు గనుకే దీన్ని నమ్మాం.

చేసిన మార్పులు

ఫోనులో కూతురికి చెప్పినది ఇంతే: "అమ్మా, రేపటి నుంచి ఆ కలిపిన స్ట్రిప్పు ఆపేయండి. టెల్మిసార్టాన్ 40 ఒక్కటే ఉన్న స్ట్రిప్పు, రాత్రి ఆమ్లోడిపిన్ మామూలుగానే నడవాలి. బీపీ మందులన్నీ మాత్రం ఆపొద్దు." పాత స్ట్రిప్పు ఆపి కొత్తది ఉంచితే మోతాదు తగ్గుతుంది గానీ మూత్రం మందు మిగిలిపోతుంది. కలిపినది ఆపితే ఒకే దెబ్బకు రెండూ పోతాయి. ఇక అన్నీ ఆపకూడదనడానికి కారణం ఉదయం పడుకున్నప్పటి 150. కళ్ళు తిరుగుతున్నాయని భయపడి మందులన్నీ మానేసినవారికి పడుకున్నప్పటి బీపీ పెరిగిపోతుంది, రాత్రంతా మూత్రంలో నీరు, ఉప్పు పోయి తెల్లవారేసరికి నిలబడటం మరీ కష్టమవుతుంది. ఈ తలతిరుగుడుకి పని లేని బీటాహిస్టిన్ కూడా ఆపాం.

మర్నాడు పదకొండింటికి తీసుకొచ్చారు. ఇంటి మెషిన్ను కూడా తెమ్మన్నాం. మా పరికరంతో పోల్చితే 4 తేడా. చెయ్యి చుట్టుకొలత 29 సెంటీమీటర్లు, పట్టీ 22 నుంచి 32 వరకు సరిపోయేది, కాబట్టి కొలతలు నమ్మదగినవే. పడుకుని 138/76, నిలబడి ఒక నిమిషానికి 108/64, మూడు నిమిషాలకు 106/62. ఈసీజీలో లయ సరిగా ఉంది. సోడియం తక్కువగా, 131 ఉంది, అది చాలావరకు మూత్రం మందు ప్రభావం. క్రియాటినిన్ 0.9, హిమోగ్లోబిన్ 11.6. విటమిన్ బి12 కూడా తక్కువగా, 172 ఉంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో ఇది తగ్గవచ్చు, బాగా తగ్గితే నరాలు దెబ్బతినవచ్చు. అరికాళ్ళ మంటకు మందు రాసేముందే చూడాల్సిన పరీక్ష ఇది. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

అమిట్రిప్టిలిన్ అదే రోజు ఆపలేదు. రెండూ ఒకేసారి తీసేస్తే ఏది ఎంత పడగొడుతోందో తెలియదు. ఆమె ఇంతవరకు పడలేదు, కూతురు ఇంకో రెండు వారాలు ఉంటోంది కాబట్టి ఒక వారం ఆగగలిగాం. ఒంటరిగా ఉండే మనిషైతే, ఒకసారి పడిపోయి ఉంటే రెండూ ఒకేరోజు ఆపేవాళ్లం.

ఈ లోపు ఇంట్లో చేయాల్సినవి మూడు చెప్పాం. మంచం మీద నుంచి లేచేముందు పాదాలు పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించి, అంచున రెండు నిమిషాలు కూర్చుని, అప్పుడు ఏదైనా పట్టుకుని లేవాలి. టిఫిన్‌కి పావుగంట ముందు రెండు గ్లాసుల నీళ్ళు, అంటే సుమారు 400 మిల్లీలీటర్లు, కొద్ది నిమిషాల్లో తాగేయాలి. నరాల స్పందన తగ్గినవారిలో దీనితో బీపీ కొంతసేపు లేస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఈ సలహా అలాగే చెప్పకూడదు. మూడోది, రోజు మొత్తం నీళ్ళు సాయంత్రం ఆరులోపు పూర్తయ్యేలా జరుపుకోవాలి గానీ తగ్గించకూడదు. ఉప్పు పెంచమని మాత్రం చెప్పలేదు, ఈమెకు పడుకున్నప్పుడు బీపీ ఎక్కువే కదా.

కొలిచే పద్ధతిలోనూ ఒక మార్పు చెప్పాం. మూడో నిమిషంతో పాటు మొదటి నిమిషంలో కూడా చూడాలి. మెషిన్ అంకె చూపించడానికి అర నిమిషం పైనే పడుతుంది కాబట్టి నిలబడి అర నిమిషం కాగానే బటన్ నొక్కాలి. వెనక మంచం, పక్కన మనిషి ఉండాలి. చీకటి కమ్ముతోందంటే అంకె కోసం ఆగకుండా పడుకోబెట్టాలి.

తర్వాత

వారం తర్వాత ఉదయం ఆరింటికి 152/82, నిలబడి 128/74. పదింటికి 138/76, నిలబడి 112/66. ఇంకా 24 నుంచి 26 పడుతోంది, కానీ 112 దగ్గర ఆగుతోంది. కళ్ళు తిరగడం ఆగింది, ఒక్కసారి తల తేలికైనట్టు అనిపించిందన్నారు. టిఫిన్ అదే, వేళ అదే, టెల్మిసార్టాన్ వేసుకునే సమయం అదే. కొత్తగా చేరినవి టిఫిన్ ముందు నీళ్ళు, బి12 ఇంజెక్షన్లు; పోయినవి కలిపిన మాత్ర, బీటాహిస్టిన్. నీళ్ళ ప్రభావం గంట దాటి పెద్దగా నిలవదు, పదింటి అంకె దానివల్ల అనలేం. కాబట్టి పదింటి గండానికి పెద్ద కారణం రెండింతలైన మోతాదు, మూత్రం మందులే అని తేలింది; తిండి వాటా ఏదైనా ఉంటే చిన్నది.

అప్పుడు అమిట్రిప్టిలిన్ ఆపాం. ఇంకో రెండు వారాలకు పదింటికి 140/78, నిలబడి 122/72. తేడా 18. సోడియం 137కి వచ్చింది. నాడి మాత్రం నిలబడితే 6 కంటే ఎక్కువ పెరగడం లేదు, అంటే నరాలకు జరిగిన నష్టం అలాగే ఉందనుకోవాలి. మళ్ళీ ఎవరైనా బీపీకో మూత్రం సాఫీగా రావడానికో వాడే ఆల్ఫా బ్లాకర్లు గానీ, మూత్రం మందు గానీ, నిద్రకో నొప్పికో ఇలాంటి మాత్ర గానీ రాస్తే ఈ బీపీ మళ్ళీ పడుతుంది. ఆ మాట ఫైలు మొదటి పేజీ మీద రాశాం, మందుల చీటీ ఫోటోతో పాటు కూతురి దగ్గర కూడా ఉంచాం.

ఉదయం ఆరింటి 152ని వెంటనే తగ్గించే ప్రయత్నం చేయలేదు. తల వైపు మంచం కోళ్ళ కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పెట్టించాం. అది సరిపోకపోతే తర్వాతి మార్పు రాత్రి మాత్రలోనే ఉంటుంది, పగటి మాత్రలో కాదు.

అరికాళ్ళ మంట తిరిగి వచ్చింది. బి12 ఇంజెక్షన్లతో తేడా తెలియడానికి నెలలు పడుతుందని చెప్పాం. మంటకు వాడే ఇతర మందుల్లోనూ కొన్ని తల తిప్పుతాయి, కొన్ని నిలబడినప్పటి బీపీని దించుతాయి. అందుకని మరో మందు మొదలుపెడితే, మొదలుపెట్టిన మూడో రోజు, పదో రోజు ఉదయం పదింటికి పడుకుని, నిలబడి రెండు రీడింగులు తీసి పంపమన్నాం. చెయ్యి అలమర అరమీద ఆనించే.